సెలవులో ఉన్నాను, 22న కూర్చుందాం

అకౌంట్స్ పని చేసేవాళ్లకి జనవరిలో సెలవు దొరకడం అంత తేలిక కాదు. 7న టీడీఎస్ కట్టాలి, 11లోగా జీఎస్టీఆర్-1 వెయ్యాలి, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీఆర్-3బీ. సంక్రాంతి వచ్చి సరిగ్గా వీటి నడుమ కూర్చుంటుంది. యంత్రాల విడిభాగాలు చేసే ఓ కంపెనీలో అకౌంట్స్ మేనేజర్‌ని నేను. ఈసారి జీఎస్టీఆర్-1 ముందే వేసేసి, పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా కట్టించి, 12 నుంచి 17 దాకా సెలవు పెట్టి ఊరెళ్లాను.

భోగి ముందురోజు ఆడిటర్ల ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మాకు సరుకు అమ్మినవాళ్ల బాకీలు వాళ్ల లెక్కతో సరిపోతున్నాయో లేదో మాట్లాడాలట, 16న వీలవుతుందా అని. ఆడిటర్లది ముంబయి. 16న మాకు కనుమ, వాళ్లకి మామూలు శుక్రవారం.

నేను రాసిన జవాబు ఇంచుమించు ఇది:

“నమస్తే అండీ. 17 దాకా సెలవులో ఉన్నాను, 19 సోమవారం ఆఫీసుకి వస్తాను. 20న జీఎస్టీ దాఖలు ఉంది. అందుకని బాకీల విషయం 22 గురువారం ఉదయం 11కి గానీ, 23 మధ్యాహ్నం 3కి గానీ చూద్దాం. మీకు ఏది కుదురుతుందో చెప్పండి. ఈలోగా లెడ్జర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలంటే మా సీనియర్ అకౌంటెంట్ పంపిస్తారు, ఆయన్ని ఈ మెయిల్‌లో కలిపాను. ఆగని పని ఏదైనా ఉంటే కింద ఉన్న ఆయన నంబరుకి ఫోన్ చెయ్యండి. సర్దుబాటు ఎంట్రీల సంగతి మాత్రం నేను వచ్చాకే.”

సెలవులో వచ్చిన మెయిల్‌కి కంప్యూటరే జవాబిచ్చే ఏర్పాటు ఉండగా ఇదంతా ఎందుకు రాయాలి అనిపించవచ్చు. ఆ ఏర్పాటు నేనూ పెట్టుకుంటాను. కానీ జీమెయిల్‌లో అది ఒకే మనిషికి నాలుగు రోజులకి ఒక్కసారి మించి పోదు. రెండోరోజు ఆయన మళ్లీ అడిగితే అటు నుంచి మౌనమే. పైగా అవతలివాళ్లు ఒక తేదీ అడిగారు. నేను ఇంకో తేదీ ఇవ్వకపోతే జవాబు ఇచ్చినట్టు కాదు. “వచ్చాక మాట్లాడుకుందాం” అని వదిలేస్తే, నేను ఆఫీసులో అడుగుపెట్టే 19 ఉదయమే ఫోన్ మోగుతుంది.

19న కాకుండా 22 ఎందుకన్నానంటే, వచ్చిన రోజంతా పేరుకున్న మెయిళ్లకే సరిపోతుంది. 14న పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ వస్తుంది. సరఫరాదారులు చూపించిన బిల్లులు అందులో ఉంటాయి. మా కొనుగోళ్ల పుస్తకంతో దాన్ని పోల్చి చూస్తే గానీ 3బీలో ఎంత క్రెడిట్ తీసుకోవాలో తేలదు. 20 దాటితే రోజుకి 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అలాంటి రోజున ఆడిటర్‌తో కూర్చుంటే రెండు పనులూ చెడతాయి. సెలవు నుంచి వచ్చే తేదీ వేరు, మీటింగ్‌కి తగిన తేదీ వేరు. చాలామంది మొదటిదాన్నే ఇచ్చేసి తర్వాత మార్చమని బతిమాలుకుంటారు.

ఇక అత్యవసరం మాట. ఆ మాట ఒక్కటే రాసి నంబరు ఇచ్చేస్తే ప్రతివాడి పనీ అత్యవసరమే అవుతుంది. మా పనిలో నిజంగా ఆగనిది ఒకటి చెబుతాను. జీఎస్టీఆర్-1లో చూపిన పన్నుకీ, 3బీలో కట్టినదానికీ తేడా బాగా ఎక్కువగా ఉంటే పోర్టల్ తనంతట తానే డీఆర్‌సీ-01బీ పంపుతుంది. దానికి ఏడు రోజుల్లో తేడా కట్టాలి, లేదా కారణం చెప్పాలి. రెండూ చెయ్యకపోతే తర్వాతి నెల జీఎస్టీఆర్-1 వెయ్యనివ్వదు. అది ఆగితే మా బిల్లులు కొనుగోలుదారుల 2బీలో కనబడవు, వాళ్లకి క్రెడిట్ రాదు, వాళ్లు మా డబ్బు ఆపుతారు. వారం సెలవులో మొదటిరోజే ఆ కబురు వస్తే, నేను తిరిగొచ్చేసరికి గడువు అయిపోవచ్చు కూడా. అందుకే రిజిస్టరయిన మెయిల్‌ని రోజూ చూడమని సీనియర్ అకౌంటెంట్‌కి చెప్పి వెళ్లాను. ఆడిటర్ల బాకీల పని మార్చి లెక్కల కోసం. దానికి వారం ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

నా బదులు ఉండే మనిషి చేతిలో ఏముందన్నది ఇంకో సంగతి. నంబరు ఇవ్వడం తేలిక. ఫోన్ ఎత్తిన మనిషి “మేడమ్ వచ్చాక చెబుతానండీ” అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోతే ఆ నంబరు దండగ. ఓటీపీతో రిటర్న్ వేసేచోట ఆ ఓటీపీ అధీకృత సంతకందారుకే వస్తుంది. బ్యాంకులో ఒకరు చెల్లింపు పెడితే ఇంకొకరు ఆమోదించాలి. మా దగ్గర పెట్టేది సీనియర్ అకౌంటెంట్, ఆమోదించేది నేను. సెలవుకి ముందు ఆ ఆమోదం హక్కు మా డైరెక్టర్‌గారికి బ్యాంకు ద్వారా మార్పించాను. పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చి పోయే అలవాటు ఇంకా చాలా ఆఫీసుల్లో ఉంది. అది సాయం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు చేశారో తేలదు, పేరు మాత్రం మనదే ఉంటుంది.

ఒక్క పని మాత్రం సీనియర్ అకౌంటెంట్ చేతికి కూడా ఇవ్వలేదు. సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే నేను వచ్చేదాకా మార్చకూడదు. మేనేజర్ సెలవులో ఉందని తెలిసిన మోసగాళ్లు సరిగ్గా అప్పుడే, సరఫరాదారు మెయిల్‌లాగే ఉండే చిరునామాతో, కొత్త ఖాతా నంబరు పంపుతారు. ఒక్క అక్షరం తేడా ఉంటుంది, పండగ హడావుడిలో కంటికి ఆనదు. పాత నంబరుకి ఫోన్ చేసి కనుక్కున్నా సరే, మార్పు నేను వచ్చాకే. ఇదే భయంతో బయటివాళ్లకి పోయే జవాబులో ఏ ఊరెళ్లానో, ఎందుకెళ్లానో రాయను. తేదీలూ నంబరూ చాలు.

ఆడిటర్ 22నే ఎంచుకున్నారు. 16న మా సీనియర్ అకౌంటెంట్‌ని అడిగి లెడ్జర్లు తెప్పించుకున్నారు. నేను వచ్చేసరికి వాళ్లు చాలామంది సరఫరాదారుల లెక్కలు సరిచూసుకుని, తేడా వచ్చినవాళ్లని మాత్రం పక్కన పెట్టారు. ఉదాహరణకి ఒకరి లెక్కలో మేము 1,18,000 రూపాయలు ఎక్కువ బాకీ ఉన్నట్టుంది. లక్ష సరుకు, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఆ సరుకు బాగాలేదని డిసెంబరులోనే వెనక్కి పంపి డెబిట్ నోట్ రాశాం. వాళ్లు క్రెడిట్ నోట్ ఇచ్చింది జనవరిలో. ఇందులో సర్దుబాటు ఎంట్రీ అక్కర్లేదు, నెల మారింది, అంతే. కాగితాలు చూపించాను, ఒప్పుకున్నారు.

ఇదే మీటింగ్ 16న ఫోన్‌లో పెట్టుకుని ఉంటే కాగితాలు ఎదురుగా లేక ఆ ఒక్కదాని దగ్గరే గంట వాదులాడుకునేవాళ్లం. 22న మొత్తం పని మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది.