పంది లేని వరహా

పెనుకొండ కోట దగ్గర నాకెప్పుడూ వరహాలే గుర్తొస్తాయి. 1565లో తళ్లికోట ఓటమి తర్వాత తిరుమల రాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆయన వేయించిన వరహా మూడున్నర గ్రాములకి కాస్త తక్కువ బంగారం. దాని మీద సీతారాములున్నారు, వరాహం లేదు! చాళుక్యుల నాటి పంది బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది, పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది.

డాలర్‌దీ అదే కథ. 1520 ప్రాంతంలో బొహీమియాలోని యోఆఖిమ్‌స్టాల్ అనే ఊళ్లో అక్కడి గనుల వెండితో కొట్టిన నాణెం థాలర్. థాల్ అంటే లోయ. పౌండ్ అంటే ఉత్త బరువు: ఒక పౌండు వెండికి 240 పెన్నీలు. రూపాయి అంటే రూప్యం, అచ్చు పడిన వెండి.

మా క్లయింట్ కట్టే డాలర్లు హిందూపురంలో మా ఇంటికి రూపాయలై చేరతాయి. మొన్న ధర్మవరంలో పట్టుచీరకి ఫోన్‌తో స్కాన్ చేసి కట్టాను. అందులో అచ్చూ లేదు, వెండీ లేదు. నేతాయన మాత్రం బేరానికి ఒప్పుకోలేదు: "రూపాయి గూడా తగ్గదన్నా."