పన్నెండు అడుగుల గోడ

నల్లగొండలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గడప దాటగానే ఒక మాట అడుగుతారు: "ఆ ఒక్క గోడ అడుగున బండలు వేరే రంగుగా ఉన్నాయేం?" అప్పుడు మా అమ్మ నా వంక చూసి నవ్వుతుంది. ఆ రంగు తేడాకు కారణం నేను 1996లో, ఏడో తరగతి చదువుతూ చేసిన ఒక లెక్క. చిత్రమేమంటే, ఆ లెక్కలో తప్పు లేదు. బడిలో అయితే నూటికి నూరు వచ్చేవి.

ఆ ఏడు నాయన మూడు గదుల ఇల్లు కట్టించాడు. నేలకు తాండూరు బండలు పరిపించాడు. బండలు పరిచాక నేలకూ గోడకూ మధ్య సన్నని సందు మిగులుతుంది. దాన్ని కప్పుతూ, గోడ అడుగున చుట్టూ నాలుగు అంగుళాల ఎత్తున అదే రాతి పట్టీ అతికిస్తారు. దీన్నే స్కర్టింగు అంటారు. ఇది ఉంటే, నేల కడిగినప్పుడు గోడ సున్నం పాడు కాదు. మేము కొనదలచిన పట్టీ బండ ఒక్కొక్కటి 2 అడుగుల పొడవు, ముప్పావు అంగుళం మందం.

మేస్త్రీ ఆ రోజు పెళ్ళికని ఊరికి వెళ్ళాడు. "ఎన్ని అడుగులు కావాలో నువ్వే కొలిచి చెప్పరా," అన్నాడు నాయన. నాకు గర్వంగా అనిపించి, టేపు పట్టుకుని బయలుదేరాను.

ముందుగది పొడవు 14 అడుగులు, వెడల్పు 12. చుట్టుకొలత 52 అడుగులు. పడకగది 12, 10, చుట్టుకొలత 44. వంటగది 10, 8, చుట్టుకొలత 36. మొత్తం 132 అడుగులు.

తలుపులున్న చోట పట్టీ అక్కరలేదు గదా! దర్వాజా ఈ చివరి కొయ్య బయటి అంచు నుంచి ఆ చివరి కొయ్య బయటి అంచు దాకా కొలిచాను. వీధి తలుపు మూడున్నర అడుగులు, పడకగది తలుపు 3, వంటగది తలుపు రెండున్నర, పెరటి తలుపు రెండున్నర. ఇక్కడ చాలామంది పొరబడతారు. వీధి తలుపు, పెరటి తలుపు లోపలివైపు ఒక్కొక్క గదికే చెందుతాయి. కాని పడకగది తలుపు, వంటగది తలుపు రెండేసి గదుల మధ్య ఉన్నాయి. అవి రెండు గదుల చుట్టుకొలతల్లోనూ చేరి ఉన్నాయి, కనుక రెండుసార్లు తీసివేయాలి. నేను అలాగే చేశాను. మూడున్నరా రెండున్నరా 6. రెండుసార్లు 3 అంటే 6. రెండుసార్లు రెండున్నర అంటే 5. మొత్తం 17. కిటికీలు నేలదాకా రావు కాబట్టి వాటి జోలికి పోలేదు. 132లో 17 పోగా 115 అడుగులు. అంటే 58 బండలు. నాయన సరిగ్గా 58 బండలే తెచ్చాడు.

మేస్త్రీ తిరిగివచ్చి నా కాగితం చూశాడు. "లెక్క మంచిగనే ఉంది బిడ్డా. గని, బండకు నీ లెక్క తెల్వది," అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. లోపలి గదుల నుంచి పని మొదలుపెట్టి నాలుగో నాటికి ముందుగదికి వచ్చాడు. చిట్టచివరి గోడ, పన్నెండు అడుగులది, వీధిలోంచి వస్తూనే ఎదురుగా కనపడేది మిగిలిపోయింది. బండలు అయిపోయాయి.

"మిగతావి ఏమయినట్టు?" అని అడిగాను.

మేస్త్రీ నన్ను పడకగది తలుపు దగ్గరికి తీసుకుపోయాడు. మా గోడ మందం 9 అంగుళాలు, దర్వాజా కొయ్య మందం 5. కొయ్యను పడకగది వైపు గోడతో సమంగా నిలబెట్టారు. అందుచేత ముందుగది వైపున కొయ్యకు ఇటూ అటూ 4 అంగుళాల గోడ లోపలికి మళ్ళి ఉంది. ఆ మళ్ళిన చోట కూడా పట్టీ వేయాలి. వంటగది తలుపూ అంతే. రెండు తలుపులకు నాలుగు మళ్ళింపులు, 16 అంగుళాలు. నేను తలుపుల వెడల్పు తీసేశానే గాని, దీన్ని చూడలేదు.

మళ్ళింపు ఉన్నచోట గోడ మూల బయటికి పొడుచుకుని ఉంటుంది. గది లోపలి మూల అయితే చిక్కులేదు. ఒక బండ గోడ చివరిదాకా పోతుంది, రెండోది వచ్చి దాని ముఖానికి ఆనుతుంది, గరుకు అంచు కనపడదు. బయటి మూలలో అలా పెడితే ఒక బండ గరుకు అంచు అందరికీ కనపడుతుంది. అందుకని రెండింటి చివరలనూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలుపుతారు.

దీనికి ఎంత ఎక్కువ పొడవు కావాలి? మీరే చూడండి. ఒక పుస్తకం మూలను ఆనించి రెండు రబ్బరు ముక్కలు చెరో పక్కా పెట్టండి. వాటి చివరలు మూలతో సమంగా ఉంటే, మూల దగ్గర ఒక చిన్న చదరం ఖాళీగా ఉంటుంది. అది నిండాలంటే ఒక్కొక్క ముక్కా తన మందమంత ముందుకు జరగాలి. మా బండ మందం ముప్పావు అంగుళం, కాబట్టి ఒక్కొక్క బండకు ముప్పావు అంగుళం కలపాలి. నాలుగు మూలలకు ఎనిమిది చివరలు, 6 అంగుళాలు. ఇప్పుడు 115 అడుగులు కాస్తా 116 అడుగుల 10 అంగుళాలయింది.

"ఇంకా బండ కోతలో పోయేది చూడు," అని మేస్త్రీ ఒక తునక చేతిలో పెట్టాడు. ఒక తలుపు పక్కన 15 అంగుళాల ముక్క కావలసివచ్చింది. 24 అంగుళాల బండలో 9 మిగిలాయి. 4 అంగుళాల మళ్ళింపులు రెండు ఇందులోంచి వస్తాయని నేననుకున్నాను. కాని మళ్ళింపు ముక్కకు మూల కోసం ముప్పావు కలపాలి గదా! ఒక్కొక్కటి నాలుగుంముప్పావు, రెండు కలిస్తే తొమ్మిదిన్నర. 9లో ఒకటే వస్తుంది, మిగతాది పారవేయవలసిందే. తాండూరు రాయి పొరలు పొరలుగా ఏర్పడ్డ సున్నపురాయి. ఏటవాలుగా కోసేటప్పుడు పలుచని అంచు పెచ్చులూడుతుంది. అట్లా రెండు చెడిపోయాయి. అతుకు చక్కగా కుదరాలని చివరలు కొద్దికొద్దిగా చెక్కడంలో మరికొంత పోయింది.

పన్నెండు అడుగుల గోడ తీసేస్తే, వేసిన పని 104 అడుగుల 10 అంగుళాలు. దానికి 58 బండలు, అంటే 116 అడుగులు పట్టాయి. సుమారు 11 అడుగులు తునకల పాలయినాయి. "అందుకే పదోవంతు ఎక్కువ తెమ్మంట," అన్నాడు మేస్త్రీ. 116 అడుగుల 10 అంగుళాలకు పదోవంతు కలిపితే 128 అడుగుల 6 అంగుళాలు, 65 బండలు. మాకు పట్టినవి చివరకు 64.

తక్కువైన ఆరు బండలకు నాయన మళ్ళీ దుకాణానికి వెళ్ళేసరికి పాత సరుకు అమ్ముడైపోయింది. గనిలో ఒక పొర రంగు ఇంకో పొరకు రాదు. మా బండలు నీలం; కొత్తవి బూడిదరంగులో కొంచెం పచ్చగా ఉన్నాయి. వేరే దారి లేక అవే తెచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

కిందటేడు మేడ మీద గది వేసి, టైల్సు పరిపించాము. మా అమ్మాయి టేపు పట్టుకుని తలుపు పక్కల లోపలికి మళ్ళిన గోడ కూడా కొలిచింది. పెట్టెల మీద అచ్చువేసిన బ్యాచి నంబర్లన్నీ ఒకటేనా అని నేను చూశాను. పని అయ్యాక రెండు టైల్సు మిగిలాయి. కింది గోడకు మాత్రం ఆ పచ్చని బండలు అలాగే ఉన్నాయి. వాటి ముందు అమ్మ ఒక బల్ల వేయించింది కాని, అది పది అడుగులే.