77 సీసాల తేడా, ఒక మెయిల్



మన పిల్లలు కొందరు కోయంబత్తూరు చుట్టుపక్కల గోడౌన్లలో క్లర్కులుగా ఉన్నారు. వాళ్ళలో ఒకబ్బాయి మేనేజరుకు పంపబోయే మెయిల్ మాకు చూపించాడు. సరుకు ఎంచితే కంప్యూటరులో ఉన్నదానికన్నా 77 నూనె సీసాలు తక్కువ వచ్చాయట. లోడింగ్ మనిషి మీద దొంగతనం అనుమానం పడింది. అబ్బాయి రాసింది ఒకటే మాట: "77 తక్కువ, సిస్టంలో సరిచేయడానికి అనుమతి ఇవ్వండి."

రైల్వే స్టోర్సులో బిన్ కార్డుకూ లెడ్జరుకూ పొంతన కుదరని రోజులు చూసినవాళ్ళం మేము. తేడా వస్తే ముందు దాన్ని ముక్కలుగా విడదీసేవాళ్ళం. అందుకే కాగితాలన్నీ తెమ్మన్నాం. తర్వాత అబ్బాయి రాసిన మెయిల్ ఇది, తెలుగులో చెబుతున్నాం:

"సార్, శనివారం సాయంత్రం 6 గంటలకు అర లీటరు సీసాలు రెండుసార్లు ఎంచాం. సిస్టంలో 960, చేతి లెక్కలో 883. తేడా 77.

ఇందులో 48 సీసాలు, అంటే 24 సీసాల పెట్టెలు రెండు, 5:40కి లారీలో వెళ్ళాయి. బిల్లు సిస్టంలో ఇంకా ఎక్కలేదు. గురువారం వచ్చిన రెండు పెట్టెల్లో 12 చొప్పునే సీసాలున్నాయి. ఎప్పటిలాగా 24 చొప్పున ఎక్కించారు. అక్కడ 24 ఎక్కువ పడింది. చలానులో సరిగ్గానే ఉంది.

మిగిలిన 5 సీసాలకు కారణం దొరకలేదు. పగిలిన సరుకు పుస్తకం, పక్క అరలు చూసి సోమవారం చెబుతాను. అంతవరకు వాటిని కొట్టెయ్యవద్దని మనవి. 48కి బిల్లు ఎక్కిస్తే చాలు. 24కి రసీదు దిద్దాలి. గేటు రిజిస్టరు, చలాను నకళ్ళు జతచేశాను."

మొదటి మెయిల్ పోయుంటే ఏమయ్యేది? శనివారమే సిస్టంలో 883 అని దిద్దేవారు. సోమవారం ఆ బిల్లు ఎక్కగానే ఇంకో 48 తగ్గి 835 అయ్యేది. అరలో మాత్రం 883 ఉండేవి. అప్పుడు 48 ఎక్కువ ఎలా వచ్చాయని మళ్ళీ విచారణ!

గేటు రిజిస్టరును కూడా ఊరికే నమ్మకూడదు. కావలి మనిషి బండి నంబరు మాత్రమే రాసుంటే అది సాక్ష్యం కాదు, పెట్టెలెన్నో రాసుండాలి. ఇక్కడ రెండని రాసుంది కాబట్టి ఆ లోడింగ్ మనిషికి 48 దగ్గర నింద తప్పింది. 24 రాతలో వచ్చిన తేడా, అతనికి సంబంధమే లేదు. తెలియని 5కి ఏదో ఒక కారణం అతికించి ఉంటే, తెలిసిన 72ని కూడా మేనేజరు నమ్మేవాడు కాదు.

గోడౌన్లో ఉన్న పిల్లలకు ఒక్క మాట. ఎంచడం మొదలుపెట్టే ముందు, సిస్టంలో ఎక్కిన ఆఖరి బిల్లు నంబరు, ఆఖరి రసీదు నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. లోడు అయి బిల్లు ఎక్కనివి ఏవో అప్పుడే తెలిసిపోతాయి.