450 తక్కువ

పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. బ్యాంకు జమలను బాకీ బిల్లులతో జత కలపడానికి ఎక్సెల్‌లో ఫార్ములా పెట్టుకున్నాను. మొన్న పడిన 4,72,050 ఏ బిల్లుకీ అతకలేదు.

నెరేషన్‌లో చూస్తే `INV 218` అని ఉంది. ఆ బిల్లేమో 4,72,500. సరుకు 4,50,000, జీఎస్టీ 22,500. తేడా 450, సరుకు విలువలో సరిగ్గా 0.1 శాతం. కొన్నవాళ్లు టీడీఎస్ పట్టుకున్నారన్నమాట!

ఇప్పుడు ఫార్ములా ముందు బిల్లు నంబరు వెతుకుతుంది. తర్వాత మొత్తాన్ని పూర్తిగానూ, ఆ 0.1 శాతం తీసేసీ పోల్చి చూస్తుంది. నంబరు లేకుండా ఒకే మొత్తానికి రెండు బిల్లులుంటే మాత్రం జత కట్టదు, నాకే వదిలేస్తుంది. అప్పుడు పార్టీకి ఫోన్ చేయడమే.

ఆ 450ని డిస్కౌంటు కింద కొట్టేయకండి. టీడీఎస్ ఖాతాలో రాసి, ఆదాయపు పన్ను పోర్టల్‌లో పడిందో లేదో చూసుకోండి.