షెఫీల్డ్‌లో డాక్టర్ దగ్గర పేరు రాయించుకున్న సంగతి, సికిల్ సెల్ ఉన్న మావాడి సంగతి



ఈ సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ వచ్చే తమ్ముళ్లు మొన్న గ్రూపులో ఒక మాట అడిగారు. "అన్నా, అక్కడ జ్వరమొస్తే ఎవరి దగ్గరికి పోవాలి?" అని. ఫీజుల గురించి, పార్ట్‌టైమ్ గురించి అందరూ చెప్తారు గానీ దీని గురించి ఎవరూ రాయలేదు. మేము ముగ్గురం, భద్రాచలం ఏజెన్సీ వాళ్లం, షెఫీల్డ్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటున్నాం. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడికి సికిల్ సెల్ ఉంది. క్యారియర్ కాదు, జబ్బే. రాయమని వాడే చెప్పాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

ముందు ఇక్కడి పద్ధతి తెలియాలి. మన దగ్గర ఒళ్లు బాగోకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ, ఆయన సూదితో తగ్గకపోతే పీహెచ్‌సీ, అదీ కాకపోతే భద్రాచలం ఏరియా ఆసుపత్రి. ఎక్కడికైనా నేరుగా పోయి చీటీ రాయించుకుంటాం. ఇక్కడ పెద్దాసుపత్రిలో స్పెషలిస్టు దగ్గరికి నేరుగా పోవడం ఉండదు. ముందు మనం ఉండే వీధికి దగ్గరలో ఒక జీపీ క్లినిక్‌లో పేరు రాయించుకోవాలి. జీపీ అంటే మామూలు డాక్టరే. మన జబ్బుల రికార్డు ఆయన దగ్గర ఉంటుంది, స్పెషలిస్టుకి ఉత్తరం రాసేది కూడా ఆయనే. పేరు రాయించుకోవడానికి, చూపించుకోవడానికి పైసా తీసుకోరు. ఊరికే ఇస్తున్నారని అనుకోకండి, వీసా పెట్టినప్పుడే హెల్త్ సర్‌ఛార్జ్ కింద కట్టేశాం. స్టూడెంట్‌కి సంవత్సరానికి 776 పౌండ్లు. మా వీసా 16 నెలలు కాబట్టి ఏడాదికి 776, మిగతా నాలుగు నెలలకి సగం, మొత్తం 1,164 పౌండ్లు పడింది. ఆ డబ్బు కట్టి పేరు రాయించుకోకుండా తిరిగే సీనియర్లు మాకు చాలామంది కనబడ్డారు. "జ్వరం వచ్చినప్పుడు చూద్దాంలే" అంటారు. జ్వరం వచ్చిన రోజు ఫారం నింపితే అది ఎక్కడానికి వారం పైనే పట్టొచ్చు.

మేము దిగిన నాలుగో రోజు వెళ్లాం. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో మన పోస్ట్‌కోడ్ కొడితే దగ్గరి క్లినిక్‌లు చూపిస్తుంది. ప్రతి క్లినిక్‌కి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దులో ఉన్న ఇళ్లవాళ్లని తీసుకుంటారు. మేము మొదట పోయిన చోట కౌంటర్‌లో ఆమె బ్యాంకు స్టేట్‌మెంటో, కరెంటు బిల్లో అడ్రసు రుజువుగా తెమ్మంది. నాలుగు రోజుల క్రితం దిగినవాళ్లకి బ్యాంకు అకౌంటు ఎక్కడిది? ఇక్కడ మీకు తెలియాల్సిన మాట ఇదే. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరు రాయించుకోవడానికి అడ్రసు రుజువు గానీ, ఐడీ గానీ, వీసా కాగితం గానీ తప్పనిసరి కాదు. అడగొచ్చు, ఉంటే ఇవ్వడం మంచిదే, కానీ లేవని వెనక్కి పంపకూడదు. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో 14 రోజుల్లో రాసి ఇవ్వాలి. ఈ మాట ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లోనే ఉంది. మేము ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, "మేడమ్, ఇది ఒకసారి చూస్తారా" అని చూపించాం. గొడవేమీ కాలేదు. లోపలికి వెళ్లి ఎవరినో అడిగొచ్చి ఫారం ఇచ్చింది. ఆఫీసుల్లో సంతకం కోసం తిరిగిన అనుభవం మనకి ఉన్నదే కదా, అది ఇక్కడ పనికొచ్చింది.

ఆ ఫారాన్ని జీఎంఎస్1 అంటారు. కొన్ని క్లినిక్‌లకి ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు, సైట్‌లో Register with a GP surgery అని ఉంటుంది. పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అట్లాగే రాయండి. మన పేర్లు ఆధార్‌లో ఒకలా, టీసీలో ఒకలా ఉంటాయి. ఇక్కడ తేడా వస్తే తర్వాత ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో మన రికార్డు కలవక ఇబ్బంది అవుతుంది. ఎన్‌హెచ్‌ఎస్ నంబర్ అడిగే గడి ఖాళీగా వదిలేయండి, మొదటిసారి వచ్చినవాళ్లకి వాళ్లే పది అంకెల నంబర్ ఇస్తారు. ఈ దేశానికి ఏ తేదీన వచ్చారని అడుగుతారు, అది రాయాలి.

దానితో పాటు ఇంకో కాగితం ఇచ్చారు. పొగ తాగుతారా, మందు తాగుతారా, ఏ మందులు పడవు, ముందు నుంచి ఏమైనా జబ్బులు ఉన్నాయా అని. చాలామంది ఈ కాగితంలో అన్నిటికీ 'లేదు' అని గీసేస్తారు. జబ్బుందంటే యూనివర్సిటీకి చెప్తారేమో, వీసా పోతుందేమో అని భయం. మావాడికీ ఆ భయం ఉండింది. రాత్రంతా మాట్లాడుకున్నాం. డాక్టర్ రికార్డు మన అనుమతి లేకుండా కాలేజీకి పోదు. వాడు అన్నీ రాశాడు. సికిల్ సెల్ జబ్బు అని, రెండుసార్లు రక్తం ఎక్కించారని, వాడే మందులు ఏమిటని.

మందుల పేరు దగ్గర ఒక తిరకాసు ఉంది. మన దగ్గర హైడ్రాక్సీయూరియా అనే బిళ్లని ఇక్కడ హైడ్రాక్సీకార్బమైడ్ అంటారు. మందు అదే, పేరు వేరు. దాన్ని జీపీ సొంతంగా మొదలుపెట్టడు. రక్త పరీక్షలు చూసుకుంటూ ఆసుపత్రిలో రక్తజబ్బుల డాక్టర్లు రాస్తారు. జీపీ వాళ్లకి ఉత్తరం రాశాడు, కానీ క్లినిక్ తేదీ రావడానికి వారాలు పట్టింది. అందుకే వాడు ఇంటి నుంచి మూడు నెలల బిళ్లలు తెచ్చుకోవడం బతికించింది.

జీపీ చూడటానికి డబ్బు లేదు గానీ ఇంగ్లండ్‌లో మందుల చీటీకి ఉంది. ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. మావాడికి నెలకి మూడు మందులు: హైడ్రాక్సీకార్బమైడ్, ఫోలిక్ యాసిడ్, రోజూ వేసుకునే పెన్సిలిన్. అంటే నెలకి 29.70, ఏడాదికి 356 పైన. షుగర్ మందులు వాడేవాళ్లకి మినహాయింపు ఉంది, సికిల్ సెల్‌కి లేదు. ఇది మాకు అన్యాయంగానే అనిపిస్తుంది. దీనికి దారి ఏమిటంటే ముందే డబ్బు కట్టే సర్టిఫికెట్ ఒకటి ఉంది, ఏడాదికి 114.50 పౌండ్లు. అది తీసుకుంటే ఎన్ని మందులైనా మళ్లీ కట్టక్కర్లేదు. వాడు అదే తీసుకున్నాడు.

ఇక ఎమర్జెన్సీ సంగతి. మా యూనివర్సిటీ పక్కనే రాయల్ హాలమ్‌షైర్ అని అంతస్తుల మీద అంతస్తులున్న ఆసుపత్రి ఉంది. నగరంలో ఎక్కడి నుంచైనా కనబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఏదైనా అయితే పరిగెత్తేది దానికే అనుకుంటారు. కానీ అక్కడ చిన్న దెబ్బలు చూసే విభాగమే ఉంది, అది కూడా పగలే. పెద్దవాళ్లకి ప్రాణం మీదికి వస్తే చూసే ఏ అండ్ ఈ, అంటే క్యాజువాలిటీ, నగరం ఉత్తరాన నార్తర్న్ జనరల్ ఆసుపత్రిలో ఉంది. అర్ధరాత్రి ఈ తేడా కనుక్కునే టైం ఉండదు. మీరు ఏ ఊరు పోయినా మొదటి వారంలోనే ఏ అండ్ ఈ ఏ ఆసుపత్రిలో ఉందో చూసుకుని, హాస్టల్ పోస్ట్‌కోడ్‌తో కలిపి ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. మేము అట్లాగే చేశాం.

జనవరిలో మంచు పడిన వారం, ఆదివారం రాత్రి మావాడికి కాళ్ల నొప్పి మొదలైంది. నొప్పి వాడికి కొత్త కాదు. నీళ్లు తాగాడు, నొప్పి బిళ్ల వేసుకున్నాడు, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రెండు గంటలకి లేపి ఛాతీలో పొడుస్తోందన్నాడు. ఊపిరి పూర్తిగా తీసుకోలేకపోతున్నాడు. థర్మామీటర్ పెడితే 38.6. ప్రాణాపాయం కానివాటికి ఇక్కడ 111 ఉంది. రోజంతా పని చేస్తుంది, ఏం చేయాలో ఎక్కడికి పోవాలో చెప్తారు, ఇంగ్లీషు రాకపోతే దుబాసీని అడగొచ్చు. కానీ సికిల్ సెల్ ఉన్నవాళ్లకి ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం కలిసి వస్తే 111తో మాట్లాడుతూ కూర్చోకూడదు. ఊపిరితిత్తుల్లోనే రక్తం అడ్డుపడుతూ ఉండొచ్చు. మేము 999 కొట్టాం. ఇది మన 108 లాంటిది.

ఏ సర్వీసు అని అడిగితే అంబులెన్స్ అన్నాం. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా, మెలకువలో ఉన్నాడా, ఎక్కడున్నారు అని అడిగారు. తలుపు వెనక కాగితం చూసి పోస్ట్‌కోడ్ చదివాం. "సికిల్ సెల్ డిసీజ్, ఛాతీ నొప్పి, జ్వరం" అని మొదటి మాటలోనే చెప్పాం. ఒకరు వాడి దగ్గర ఉన్నారు, ఇంకొకరు కింద గేటు తీసి నిలబడ్డారు. రాత్రిపూట హాస్టల్ గేట్లు కార్డు లేకుండా తెరుచుకోవు కదా.

ఏ అండ్ ఈలో ముందు వచ్చినవాళ్లని ముందు చూడరు. నర్సు చూసి ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్లని ముందు పంపుతుంది. చెయ్యి బెణికినవాళ్లు గంటల తరబడి కూర్చోవడం చూశాం. మావాడికి సికిల్ సెల్ అని చెప్పగానే పక్కకి తీసుకున్నారు. సికిల్ సెల్ నొప్పితో వచ్చినవాళ్లకి చేరిన అరగంటలో నొప్పి మందు ఇవ్వాలని ఇక్కడి డాక్టర్లకి రాతపూర్వకంగా మార్గదర్శకాలున్నాయి. ఆ మాట తెలిసి ఉండండి. ఆలస్యమైతే మర్యాదగా గుర్తు చేయొచ్చు. మాకు ఆ అవసరం రాలేదు. మార్ఫిన్, ఆక్సిజన్, ఎక్స్‌రే అన్నీ తెల్లారేలోపే అయ్యాయి. జీపీ దగ్గర పేరు ఉంది కాబట్టి వాళ్లకి స్క్రీన్ మీద వాడి జబ్బు, మందులు కనబడ్డాయి. నొప్పితో మూలుగుతున్న మనిషిని అవన్నీ అడగాల్సిన పని తప్పింది. ఐదు రోజులు ఉంచారు, రక్తం కూడా ఎక్కించారు. వచ్చేటప్పుడు బిల్లు కోసం కౌంటర్ వెతికాం. బిల్లు లేదు.

వాళ్ల అమ్మకి మూడో రోజు చెప్పాం. "సూది వేశారా" అని అడిగింది. వేశారమ్మా అన్నాం. ఫోన్‌లో వాడి గొంతు విన్నాక గానీ ఆమె నమ్మలేదు.

ఎగిరే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని. మన ఊళ్లలో క్యాంపులో వేలు గుచ్చి చేసే టెస్టుల్లో కొన్నిటితో సికిల్ ఉందని తెలుస్తుంది గానీ, క్యారియరా జబ్బా తేలదు. హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు ఉంటే తేలుతుంది. అది లేనివాళ్లు విమానం ఎక్కే లోపు పీహెచ్‌సీలో గానీ ఏరియా ఆసుపత్రిలో గానీ అడిగి చేయించుకోండి. రిపోర్టు, మీ డాక్టరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం, ఎక్కించిన రక్తం వివరాలు, మందుల పేర్లు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, కాగితాలు చేతి బ్యాగులో పెట్టుకోండి. పెట్టెలో వద్దు. మాలో ఒకరి పెట్టె తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది.