అన్నీ ఒకవైపుకి తెచ్చాక

ఇన్‌ఈక్వాలిటీ ప్రూవ్ చెయ్యమంటే మనం చేసే మొదటి పని, అన్నీ ఎడమవైపుకి తెచ్చి కుడివైపు సున్నా మిగల్చడం. ఆ తర్వాత పుస్తకంలో "రెండుతో గుణించగా" అని ఒక లైను ఉంటుంది, దాని కింద స్క్వేర్లు ప్రత్యక్షమైపోతాయి. ఇంటర్‌లో నేను దాన్ని ఫార్ములాలాగే గుర్తుపెట్టుకున్నాను. మొన్న మా రూమ్మేట్ ఆ లైను మీద వేలు పెట్టి, "ఇది చేస్తే కుదురుతుందని ముందే ఎలా తెలుస్తుందిరా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

a, b ఏ రియల్ నంబర్లైనా సరే, ఇది నిజమని చూపించాలి:

a² + b² + 1 ≥ ab + a + b

అన్నీ ఒకవైపుకి తెస్తే D = a² + b² + 1 − ab − a − b. ఇప్పుడు D ఎప్పుడూ నెగెటివ్ అవదని చెప్తే చాలు. రియల్ నంబర్ స్క్వేర్ నెగెటివ్ అవదు కాబట్టి, D ని కొన్ని స్క్వేర్ల మొత్తంగా రాయగలిగితే పని అయిపోయినట్టే.

కానీ ఏ స్క్వేర్లు? వెతికే ముందు D ఎక్కడ సున్నా అవుతుందో చూడాలి. a = b = 1 పెడితే రెండువైపులా 3 వస్తుంది, అంటే D = 0. నెగెటివ్ కానివన్నీ కలిపితే సున్నా వచ్చిందంటే, అందులో ప్రతి ఒక్కటీ సున్నాయే అయ్యుండాలి. కాబట్టి మనం రాయబోయే ప్రతి స్క్వేరూ a = b = 1 దగ్గర సున్నా అవ్వాలి. ఈ ఒక్క షరతుతో (a + b)², (a + 1)² లాంటివి ఎగిరిపోతాయి, ఎందుకంటే అక్కడ వాటి విలువ 4. మిగిలిన వాటిలో తేలికైనవి (a − 1)², (b − 1)², (a − b)². ఈ మూడూ కలిపి చూడండి:

(a − 1)² + (b − 1)² + (a − b)² = 2a² + 2b² + 2 − 2a − 2b − 2ab = 2D

పుస్తకంలోని "రెండు" వచ్చింది ఇక్కడి నుంచే. a² రెండు స్క్వేర్లలో ఉంది కాబట్టి రెండుసార్లు వచ్చింది, అంతే.

ఊహించడం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. D ని a లో క్వాడ్రాటిక్ అనుకుని స్క్వేర్ పూర్తి చెయ్యండి:

D = (a − (b + 1)/2)² + (3/4)(b − 1)²

ఇది పైదానిలా కనిపించదు, కానీ ఇదీ కరెక్టే. ఇందులోని రెండు స్క్వేర్లూ a = b = 1 దగ్గర సున్నా అవుతాయి, సరిచూసుకోండి. రెండో డిగ్రీ లెక్కల్లో ఈ పద్ధతి ఎప్పుడూ తేలుస్తుంది. ఇన్‌ఈక్వాలిటీ తప్పయితే తప్పని కూడా చెప్తుంది. ఉదాహరణకి a² + b² ≥ 3ab అని ఎవరైనా ఇస్తే, ఒకవైపుకి తెచ్చి స్క్వేర్ పూర్తి చేస్తే (a − 3b/2)² − (5/4)b² వస్తుంది. మైనస్ కనబడింది కదా, మొదటి స్క్వేర్‌ని సున్నా చేసేద్దాం: a = 3, b = 2. ఎడమవైపు 13, కుడివైపు 18. ఇచ్చిందే తప్పు.

డిగ్రీ పెరిగితే మాత్రం ఈ భరోసా ఉండదు. ఇది చూడండి:

M = x⁴y² + x²y⁴ + 1 − 3x²y²

మొదటి మూడు టర్మ్‌లకి ఏఎమ్-జీఎమ్ వాడితే M ≥ 0 అని వెంటనే వస్తుంది. కానీ దీన్ని పాలినామియల్ స్క్వేర్ల మొత్తంగా రాయడం అసాధ్యం. రాయగలమనే అనుకుందాం. M డిగ్రీ 6 కాబట్టి స్క్వేర్ లోపలుండే పాలినామియల్స్ డిగ్రీ 3 దాటదు. y = 0 పెడితే M = 1, అంటే ఆ పాలినామియల్స్‌లో x, x², x³ ఒంటరిగా ఉండకూడదు. x = 0 పెడితే y, y², y³ కూడా పోతాయి. మిగిలేవి కాన్‌స్టంట్, xy, x²y, xy² మాత్రమే. వీటిని స్క్వేర్ చేస్తే x²y² అనేది xy × xy నుంచే పుడుతుంది, కాబట్టి దాని కోఎఫిషియంట్ నెగెటివ్ అవ్వడానికి లేదు. మనకి కావలసింది −3.

నెగెటివ్ కాకపోయినా ఇలా స్క్వేర్లుగా విడిపోని పాలినామియల్స్ ఉంటాయని హిల్బర్ట్ 1888లోనే నిరూపించాడు. ఆయన ఒక్క ఉదాహరణ కూడా రాసి చూపించలేదు. పైన రాసిన M మోట్జ్‌కిన్‌ది, 1967లో బయటికొచ్చింది. మధ్యలో 1927లో ఆర్టిన్ ఇంకో మాట తేల్చాడు: పాలినామియల్స్ మాత్రమే కాకుండా వాటి భిన్నాలని కూడా స్క్వేర్ చెయ్యనిస్తే, నెగెటివ్ కాని ప్రతి పాలినామియల్‌నీ స్క్వేర్ల మొత్తంగా రాయొచ్చు.

అందుకే ఆరో డిగ్రీ లెక్క స్క్వేర్లుగా విడిపోవట్లేదంటే, ఇచ్చింది తప్పని అప్పుడే కొట్టెయ్యకండి. ముందు D ఎక్కడ సున్నా అవుతుందో చూడండి, తర్వాత ఏఎమ్-జీఎమ్ పడుతుందేమో ప్రయత్నించండి.