మూడు శాతాలు – ఒక కారణం

కంప్యూటర్ మందగించగానే దానిని వాడేవారికి కలిగే మొదటి ఆలోచన యంత్రం పాతబడిందన్నదే. కాని మందగమనం ఒక లక్షణం మాత్రమే. ఒళ్లు వెచ్చబడినంత మాత్రాన రోగమేదో తేల్చలేనట్లే, తెర నెమ్మదించినంత మాత్రాన లోపం ఎక్కడుందో చెప్పలేము. విండోస్ కంప్యూటర్లలో ఆ లోపాన్ని వెదకడానికి టాస్క్ మేనేజర్ అనే సాధనం ఉంది. Ctrl, Shift, Esc అనే మూడు మీటలను కలిపి నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక, దాని తలభాగంలో CPU, Memory, Disk అనే శీర్షికలకు పైన మూడు శాతాలు కనిపిస్తాయి. వాటిని చదవడమంటే అన్నిటికన్నా పెద్ద అంకెను పట్టుకొని అదే దోషి అని తీర్మానించడం కాదు. ఒక అంకెకూ మరొక అంకెకూ గల సంబంధాన్ని గుర్తించడం.

మూడింటికీ శాతం గుర్తు ఒకటే అయినా అవి కొలిచేది వేరు వేరు విషయాలను. ఒక నిఘంటుకారుడు తన గదిలో కూర్చొని పని చేస్తున్నాడనుకుందాం. అతని బుద్ధి ప్రాసెసర్. ఎదుట ఉన్న బల్ల మెమరీ. పక్క గదిలోని పుస్తకాల బీరువా డిస్క్. CPU శాతం అతని బుద్ధి ఎంత మేరకు పనిలో నిమగ్నమై ఉన్నదో తెలుపుతుంది. Memory శాతం బల్ల ఎంత నిండిందో తెలుపుతుంది. Disk శాతం మాత్రం బీరువా ఎంత నిండిందో తెలిపేది కాదు. బీరువా దగ్గర తీయడం, పెట్టడం అనే పని ఎంత సేపు సాగుతున్నదో తెలిపేది. ఈ భేదం తెలియక, Disk 100 శాతం అని కనబడగానే ఫొటోలను, సినిమాలను తుడిచివేసేవారు చాలామంది ఉన్నారు. దానివల్ల ఖాళీ స్థలం పెరుగుతుందే గాని ఆ శాతం సాధారణంగా తగ్గదు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక పట్టణంలో డిగ్రీ చదివే విద్యార్థిని ఇంట్లో కొన్నేళ్లనాటి లాప్‌టాప్ ఉంది. ఉపకార వేతనం దరఖాస్తు గడువు దగ్గరపడుతుండగా ఒక్కొక్క పేజీ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టసాగింది. ప్రాసెసర్ పాతదైందనీ, కొత్త లాప్‌టాప్ కొనక తప్పదనీ దుకాణదారు చెప్పాడు. చీటీ పాడి ఆ డబ్బుతో కొందామని తండ్రి అనుకున్నాడు. ఆ అమ్మాయి టాస్క్ మేనేజర్ తెరను ఫొటో తీసి, కంప్యూటర్లు బాగుచేసే మేనమామకు పంపింది. అందులోని అంకెలు ఇవి: CPU 14%, Memory 93%, Disk 100%.

"మామయ్యా, ప్రాసెసర్ పోయిందట గదా?" అని ఆమె ఫోనులో అడిగింది.

"పోలేదమ్మా, అది ఖాళీగా కూర్చుంది. చేతికి పని అందక ఎదురు చూస్తోంది" అన్నాడు మేనమామ.

ఆ మాటకు ఆధారం 14 శాతమే. ప్రాసెసర్ అసమర్థమైనదైతే అది పని భారంతో 100 శాతానికి చేరువలో ఉండేది. డిస్క్ మాత్రం క్షణం తీరిక లేకుండా ఉంది. అయితే దాని ద్వారా సాగుతున్న సమాచారం ఎంత? పట్టికలోని Disk అంకెలన్నీ కలిపినా సెకనుకు 2 మెగాబైట్లకు మించలేదు. తిరిగే పళ్లేలు గల హార్డ్ డిస్క్ కూడా పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు అందించగలదు. అంత సమర్థత గలది 2 మెగాబైట్లకే అలసిపోవడానికి కారణమేమిటి?

కారణం అది పనిచేసే తీరులో ఉంది. ఆ లాప్‌టాప్‌లోని పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరిగేది. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. చదివే ముల్లు కావలసిన చోటికి జరగడానికీ, ఆ భాగం ముల్లు కిందికి రావడానికీ కలిపి సగటున 15 నుంచి 20 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను తెమ్మంటే అది సెకనుకు సుమారు 60 సార్లకు మించి అటూ ఇటూ తిరగలేదు. ప్రతిసారీ తెచ్చేది కొద్ది కిలోబైట్లే. సమయమంతా నడకకే పోతుంది. చేతికి వచ్చేది స్వల్పం.

మరి ఆ చిన్న ముక్కలను అడుగుతున్నదెవరు? ఇక్కడే Memory 93 శాతానికి అర్థం తెలుస్తుంది. ఆ లాప్‌టాప్ మెమరీ 4 గిగాబైట్లు. బల్ల నిండిపోయినప్పుడు నిఘంటుకారుడు ఒక పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరొకటి తెచ్చుకుంటాడు. మరుక్షణమే మొదటిది కావలసి వస్తే మళ్లీ లేస్తాడు. విండోస్ చేసేదీ ఇదే. మెమరీ చాలనప్పుడు అందులోని కొంత భాగాన్ని 4 కిలోబైట్ల పేజీలుగా డిస్క్ మీద దాచి, అవసరమైనప్పుడు తిరిగి తెస్తుంది. కనుక ఈ తెరలో 100 శాతం పొగ, 93 శాతం నిప్పు.

ఇది ఇప్పటికి ఊహ మాత్రమే, దానిని నిరూపించాలి. మేనమామ సూచన మేరకు ఆమె Performance విభాగంలో Memory పుటను తెరిచింది. అక్కడ Committed అనే చోట 6.7/7.9 GB అని ఉంది. నడుస్తున్న ప్రోగ్రాములకు విండోస్ మాట ఇచ్చిన మెమరీ 6.7 గిగాబైట్లు, నిజంగా ఉన్నది 4 మాత్రమే. తరువాత Memory శీర్షికను నొక్కగా ఎక్కువ మెమరీ తీసుకొంటున్న ప్రోగ్రాములు పట్టిక పైకి వచ్చాయి. ఇరవైకి పైగా పేజీలు తెరిచి ఉన్న బ్రౌజర్ ఒక్కటే 1.8 గిగాబైట్లు ఆక్రమించింది. దరఖాస్తు పేజీ ఒక్కటి ఉంచి మిగిలినవి మూసివేయగా, రెండు మూడు నిమిషాలలో Memory 64 శాతానికీ, Disk 6 శాతానికీ దిగాయి. డిస్క్‌ను ఎవరూ ముట్టుకోలేదు; మెమరీ ఖాళీ కాగానే అది శాంతించింది. దరఖాస్తు ఆ సాయంత్రమే పూర్తయింది. అదే పుటలో Slots used: 1 of 2 అని ఉండటం వల్ల మరొక మెమరీ పలకను అమర్చే చోటు ఉన్నదని కూడా తెలిసింది. కొన్ని లాప్‌టాప్‌లలో మెమరీ లోపలే అతికించి ఉంటుంది. వాటికి ఈ అవకాశం ఉండదు.

అయితే Disk 100 శాతం ఉన్న ప్రతి తెరకూ ఇదే అర్థం చెప్పరాదు. Memory 45 శాతం మాత్రమే ఉండి Disk 100 ఉంటే కారణాన్ని వేరే చోట వెదకాలి. Disk శీర్షికను నొక్కి చూస్తే విండోస్ నవీకరణో, వైరస్ తనిఖీయో పని చేస్తూ కనిపించవచ్చు. అవి ముగిసేదాకా ఆగితే చాలు. ఏ ప్రోగ్రామూ డిస్క్‌ను పెద్దగా వాడకుండానే 100 శాతం నిలిచి, Performance విభాగంలో Average response time వందల, వేల మిల్లీసెకన్లలో కనిపిస్తుంటే డిస్కే చెడిపోతున్నదని అనుమానించాలి. అప్పుడు మొదట చేయవలసిన పని మరమ్మతు కాదు. ముఖ్యమైన ఫైళ్లను మరొకచోట భద్రపరచుకోవడం.

తక్కువ CPU శాతమూ ఒక్కోసారి మోసగిస్తుంది. నాలుగు భాగాలుగా పనిచేసే ప్రాసెసర్‌లో ఒక ప్రోగ్రాము ఒక్క భాగాన్నే వాడగలిగితే, ఆ భాగం పూర్తిగా అలసిపోయినా మొత్తం మీద 25 శాతమే కనిపిస్తుంది. అంతేగాక తెర ఫొటో ఒక్క క్షణపు సాక్ష్యం. టాస్క్ మేనేజర్ తెరుచుకొన్న మొదటి క్షణాలలో అదే కొంత ప్రాసెసర్‌ను వాడుకొంటుంది. అందువల్ల అర నిమిషం ఆగి, కంప్యూటర్ నిజంగా మందగించి ఉన్నప్పుడే, కొద్ది వ్యవధితో రెండు మూడు ఫొటోలు తీయాలి. వాటన్నిటిలోనూ ఏ అంకె స్థిరంగా నిలిచిందో, ఏది తగ్గినప్పుడు మరొకటి తగ్గిందో పోల్చి చూస్తే అసలు కారణం బయటపడుతుంది.